మూసీ వరద, 1908: సార్ స్లైడ్ల నుంచి విస్తరించిన నోట్స్

హైడ్రాలజీ, ఏడో క్లాసు. మొత్తం 11 స్లైడ్లు, ఒక్కోదాంట్లో ఆరేడు మాటలకు మించి లేవు. ఆ రోజు రానివాళ్ల కోసం వాటిని వాక్యాలుగా రాశాను. [స్లై] అంటే స్లైడ్ మీద ఉన్నది. [క్లాసు] అంటే సార్ నోటితో చెప్పగా నేను రాసుకున్నది. [లెక్క] అంటే స్లైడ్ అంకెలతో నేను కట్టినది. [ఊహ] అంటే నేను అనుకుంటున్నది, పరీక్షలో సార్ మాటగా రాయకండి. [బయట] అంటే క్లాసులో రానిది, నేను చేర్చింది.

స్లైడ్లు 1–3. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచింది. [స్లై] అప్పటి పాలకుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. [బయట] ఈసీ వచ్చి మూసీలో కలిసేది లంగర్ హౌజ్ దగ్గర, బాపూఘాట్ సంగమంలో. అంటే పాత నగరానికి చేరేసరికే రెండు నదుల నీళ్లూ ఒకటైపోతాయి. [క్లాసు]

స్లైడ్ 4. "శంషాబాద్: 12.8 / 24, 18.9 / 48." [స్లై] ప్రమాణాలు లేవు. 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు అని చదివాను. [ఊహ] అంటే సుమారు 325, 480 మిల్లీమీటర్లు. [లెక్క] ఇవి సెంటీమీటర్లే అయితే 24 గంటలకు 128 మిల్లీమీటర్లే అవుతుంది. హైదరాబాద్ వానాకాలంలో అంత వాన మనమూ చూశాం, అది ఇంత విపత్తు తేదు. అందుకే అంగుళాలనే తీసుకున్నాను.

స్లైడ్ 5. "4,25,000." ఒక్క అంకె, అంతే. [స్లై] వరద ఉధృతంగా ఉన్నప్పటి ప్రవాహం, క్యూసెక్కుల్లో. [ఊహ] సెకనుకు ఘనపు మీటర్లు అనుకుంటే అమెజాన్ సగటు ప్రవాహానికి రెట్టింపు అవుతుంది, కాబట్టి ఆ అర్థం కుదరదు.

స్లైడ్ 6. అసలు చిక్కంతా ఇక్కడే. "860 చ.మైళ్లు. 788 చెరువులు → 221 తెగాయి → ?" [స్లై]

మొదటి భాగం తేలిక: పరీవాహక ప్రాంతంలో దాదాపు చదరపు మైలుకో చెరువు. [లెక్క] బాణం గుర్తు దగ్గరే జాగ్రత్త కావాలి. చెరువులు తెగడం వల్లే వరద అంత పెరిగిందా, లేక వరద పెరిగాక చెరువులు తెగాయా? బాణం రెండింటికీ సరిపోతుంది. సార్ "ఒకదాని వెనక ఒకటి తెగాయి" అన్నారు [క్లాసు], కారణం ఇదీ అని అనలేదు.

నేను ఒక లెక్క వేసి చూశాను. చదరపు మైలు మీద గంటకు అంగుళం వాన పడి, అంతా ప్రవాహమైతే సుమారు 645 క్యూసెక్కులు. 860 చదరపు మైళ్లకు దాదాపు 5,55,000. ఈ లెక్కన 4,25,000 రావాలంటే గంటకు 0.77 అంగుళం నీళ్లు దిగాలి. 12.8 అంగుళాలను 24 గంటలకు పంచితే గంటకు 0.53 మాత్రమే. [లెక్క] చుక్క కూడా నేలలో ఇంకకపోయినా సగటు వాన ఒక్కటే ఆ ఉధృతిని ఇవ్వదు. కొన్ని గంటలు వాన సగటుకన్నా చాలా గట్టిగా పడి ఉండాలి, లేదా చెరువుల నీళ్లు తోడై ఉండాలి, లేదా రెండూ జరిగి ఉండాలి. [ఊహ] పైగా శంషాబాద్ ఒక్కచోటి కొలతను పరీవాహకమంతటికీ వాడాను, అది పెద్ద సరళీకరణ. కాబట్టి ఈ లెక్క చెరువుల వాదానికి చోటిస్తుందే తప్ప రుజువు చేయదు.

స్లైడ్లు 7–10. విశ్వేశ్వరయ్య, 1909. ఉస్మాన్‌సాగర్ 1920, హిమాయత్‌సాగర్ 1927. 3.9, 2.97. [స్లై] వరద తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన మూసీ మీద, ఈసీ మీద రిజర్వాయర్లు కట్టాలన్నది ఆయన సూచన. [క్లాసు] చివరి రెండు అంకెలూ టీఎంసీల్లో నిల్వ సామర్థ్యం. [ఊహ]

4,25,000 క్యూసెక్కులు గంటసేపు పారితే 1.53 టీఎంసీలు. రెండు జలాశయాలూ ఖాళీగా ఉన్నా కలిపి 6.87 టీఎంసీలే, అంటే నాలుగున్నర గంటల్లో నిండిపోతాయి. [లెక్క] అందుకే వీటి పని వరదను మింగేయడం కాదు, ఉధృతిని తగ్గించి ఆలస్యం చేయడం. వాన రాకముందే కొంత ఖాళీ ఉంచితేనే అది సాధ్యం. [ఊహ] తాగునీటికి నిండుగా ఉంచాలి, వరదకు ఖాళీగా ఉంచాలి. ఈ పెనుగులాట గురించి సార్ చాలాసేపు చెప్పారు [క్లాసు], స్లైడ్‌లో మాత్రం ఒక్క ముక్క లేదు. పరీక్షకు ఇది తప్పక చదవండి.

స్లైడ్ 11. "జీవో 111?" [స్లై] 1996 మార్చిలో వచ్చిన ఈ ఉత్తర్వు రెండు జలాశయాలకు 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలను కట్టడి చేసింది. [బయట] ప్రశ్నార్థకం పెట్టి బెల్ మోగగానే సార్ వెళ్లిపోయారు, అందుకే ఇక్కడ వాక్యం కల్పించకుండా వదిలేశాను. మంగళవారం క్లాసులో స్లైడ్ 6 బాణంతో పాటు ఇదీ అడుగుతాను. ఆలోపు క్లాసుకు వచ్చినవాళ్లెవరైనా [క్లాసు] గుర్తున్న వాక్యాలను మీ రాతలతో పోల్చి, తేడా ఉంటే చెప్పండి.