రచయితకు బ్రీఫ్: జీడిపప్పు ప్యాకెట్ మీద 240, 320 అంటే ఏమిటి?

నమస్కారం. ఫోనులో అనుకున్న వ్యాసం వివరాలు ఇవి. మీరు విజయనగరం నుంచి పలాస దాకా రానక్కరలేకుండా కావలసిన సమాచారమంతా ఇక్కడే పెట్టాను. సందేహాలుంటే రాయడం మొదలుపెట్టక ముందే అడగండి.

చదివేది ఎవరు
హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉంటూ, పండగకు రెండు కిలోల జీడిపప్పు తెప్పించుకుందామని మా వెబ్‌సైటు తెరిచిన మనిషి. ఒకే పప్పుకు నాలుగు ధరలు చూసి, ఖరీదైనదే మంచిదేమోనన్న అనుమానంతో ఆగిపోతున్నారు. మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఈ ప్రశ్నే. వ్యాసం చదివాక, చేయబోయే వంటను బట్టి వారే గ్రేడు ఎంచుకోగలగాలి. పలాస చరిత్ర, జీడిచెట్టు పుట్టుపూర్వోత్తరాలు వారికి అక్కరలేదు.

చెప్పవలసిన మాట
అంకె పరిమాణాన్ని చెబుతుంది, రుచిని కాదు. ఇలా రాస్తే మా పెద్ద గుండ్ల అమ్మకం తగ్గుతుందేమోనని మొహమాటపడకండి. ఉప్మాకు 180 కొన్నవారు మళ్లీ మా దగ్గర కొనరు.

వాడుకోవలసిన వివరాలు
డబ్ల్యూ అంటే తెల్లని గుండు పప్పు. పక్కనున్న అంకె ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని గుండ్లు తూగుతాయో చెబుతుంది. 240 రకంలో పౌనుకు 220 నుంచి 240, 320 రకంలో 300 నుంచి 320. కిలోకు లెక్కేస్తే 240 రకం దాదాపు 485 నుంచి 530 గుండ్లు, 320 రకం 660 నుంచి 705. మన పాఠకులకు పౌను అలవాటు లేదు కనుక కిలో లెక్కనే ముందు చెప్పండి. అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. చాలామంది ఇక్కడే తలకిందులుగా అర్థం చేసుకుంటారు, కాబట్టి ఈ సంగతి మొదటి రెండు పేరాల్లోనే రావాలి.

బద్దలు, ముక్కలు వేరే గ్రేడులు. గుండు రెండుగా విడితే బద్ద. పిక్క కొట్టేటప్పుడో, పొర తీసేటప్పుడో విడిపోయిన మంచి పప్పే అది, పాడైనది కాదు. పాయసానికి, పులిహోరకు బద్దలు చాలు. కూరలో రుబ్బి వేయడానికి ముక్కలు. వేయించి అతిథుల ముందు పెట్టడానికి, బహుమతి డబ్బాలకు 180 లేదా 210. మిగిలిన ఇంటి అవసరాలన్నిటికీ 320 సరిపోతుంది.

‘పచ్చి జీడిపప్పు’ గురించి ఒక చిన్న పేరా కావాలి. పిక్క పెంకులో చర్మాన్ని కాల్చే నూనె ఉంటుంది. అందుకే పిక్కలను ముందు ఆవిరి పట్టో కాల్చో తర్వాతే కొడతారు. దుకాణంలో పచ్చిదని అమ్మేది కూడా ఆ వేడి తగిలిన పప్పే.

రాయకూడనివి
అంతా ఉద్దానం పంటే అని రాయవద్దు. మేము ఉద్దానం పిక్కలతో పాటు ఆఫ్రికా నుంచి వచ్చిన పిక్కలు కూడా కొంటాము. అడిగినవారికి ఆ మాటే చెబుతాము. గుండెకు మేలు, బరువు తగ్గిస్తుంది వంటి ఆరోగ్య వాగ్దానాలు ఒక్కటి కూడా వద్దు. జీడిపప్పు పడనివారు ఉంటారన్న హెచ్చరిక మాత్రం ఒక వాక్యంలో ఉండాలి. 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపాను ప్రస్తావన వద్దే వద్దు. పలాస పేరెత్తితే తుపానుతో మొదలుపెట్టడం ఒక అలవాటుగా మారింది, పప్పు కొనేవారికి దానితో పని లేదు. ఇతర కంపెనీల పేర్లు, ధరలు వద్దు. మా ధరలు కూడా వద్దు, అవి తరచూ మారుతుంటాయి.

భాష
పిక్క, గుండు, బద్ద, పొర అనే మాటలే వాడండి. ‘కాజూ’ అన్నది కాజూ కత్లీ పేరులో తప్ప ఎక్కడా కనిపించకూడదు. ‘నాణ్యతకు మారుపేరు’, ‘నోరూరించే’ లాంటివి నేను ఎలాగూ కొట్టేస్తాను. నాకు నచ్చే ఎత్తుగడ ఇలా ఉంటుంది: “కిలో 320లో దాదాపు ఏడు వందల గుండ్లు ఉంటాయి. అదే 240 అయితే అయిదు వందలు. పాయసంలో వేశాక ఆ తేడా ఎవరికి కనబడుతుంది?” దీన్నే వాడుకోమని కాదు, ఈ ధోరణి పట్టుకోండి.

నిడివి 800 నుంచి 900 మాటలు. ఉపశీర్షికలు మీ ఇష్టం. గ్రేడు, కిలోకు గుండ్లు, ఏ వంటకు అన్న మూడు నిలువు వరుసల పట్టిక ఒకటి తప్పనిసరి. ఫోనులో చదువుతారు కనుక నాలుగో నిలువు వరుస వద్దు.

గ్రేడింగ్ చూసే మా మేస్త్రీతో మధ్యాహ్నం రెండు తర్వాత ఫోనులో మాట్లాడవచ్చు, ఆయనకు చెప్పి ఉంచాను. పొర తీసేటప్పుడు గుండు ఎందుకు విరుగుతుందో ఆయన్నే అడగండి, నాకంటే బాగా చెబుతారు. ఆయన మాట ఒకటి వ్యాసంలో పడితే మంచిది, పేరు మాత్రం వేయవద్దు.

బుధవారానికి పది పంక్తుల్లో వ్యాస క్రమం పంపండి. దానికి నేను సరేనన్నాకే పూర్తిగా రాయండి. మొదటి ప్రతి వచ్చే సోమవారం సాయంత్రానికి అందాలి. పారితోషికం 3,500 రూపాయలు, సగం క్రమం ఖాయమైన రోజున, మిగతా సగం ప్రతి అందిన వారంలోపు. ఈ బ్రీఫ్‌లో ఉన్నది తప్పిపోతే ఒకసారి సవరణ మీ బాధ్యత. ఇందులో లేనిది నేను కొత్తగా అడిగితే దానికి వేరే లెక్క కడదాము. ప్రతిని యూనికోడ్‌లోనే పంపండి, పాత ఫాంట్లలో టైపు చేస్తే మా వెబ్‌సైటులో అక్షరాలు చెదిరిపోతున్నాయి.