మూడో తరగతి నీతి పాఠం: ఎక్కువొచ్చిన చిల్లర
మహారాష్ట్రలోని సిరొంచ, తెలుగు పిల్లలున్న తరగతి. 40 నిమిషాలు.

కథ (చదవొద్దు, చెప్పాలి): సంతలో పొద్దుగూకుతోంది. ఒక పిల్లాడు మరాఠీ ముసలమ్మ దగ్గర 20 రూపాయల మిర్చి కొని 50 నోటు ఇచ్చాడు. మసక వెలుతురులో ఆమె దాన్ని వంద అనుకుని 80 తిరిగిచ్చింది. వాడికి మరాఠీ అంతంతమాత్రం. పక్కనే చెల్లి, "అన్నా, జిలేబీ కొందామా?" అంది.

ఇక్కడ ఆపండి. ముగింపు పిల్లలే చెప్పాలి. ముందు లెక్క వేయించండి: ఎంత రావాలి, ఎంత ఎక్కువొచ్చింది?

తర్వాత మాట్లాడించండి:
"ఆ 50 ఎవరి జేబులోంచి పోయింది?"
"ఆమె బదులు పెద్ద షాపు సేటు అయితే?"
"భాష రాకపోతే ఎలా చెప్తావు?" దీనికి ఇద్దరిని లేపి సైగలతో ఆడించండి. తరగతి మొత్తం ఇక్కడే లేస్తుంది, కాస్త ఎక్కువ టైం ఇవ్వండి.

"నేనైతే ఉంచేసుకుంటా" అనేవాడు ఒకడుంటాడు. తిట్టొద్దు. "ఎందుకు?" అని అడిగి వినండి, నిజమైన చర్చ అక్కడే మొదలవుతుంది.

చివర 5 నిమిషాలు: కళ్లు మూసుకుని, ఎవరికైనా తిరిగి ఇవ్వాల్సిన వస్తువు ఉందేమో తలుచుకోవాలి. దాని బొమ్మ గీసి, కాగితం మడిచి ఇంటికి తీసుకెళ్లాలి. టీచర్ చూడరని ముందే చెప్పండి.