మా బాబు తెలియక చేసిన కొనుగోళ్ల సొమ్ము వాపసు కోసం విన్నపం

పర్వతగిరి మండలం, వరంగల్ జిల్లా
29 మే 2025

గేమ్ కస్టమర్ సపోర్ట్ వారికి,

నమస్కారం. మా బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి పూర్తయింది. ఎండాకాలం సెలవుల్లో నా ఫోన్‌లో మీ కోటల ఆట ఆడుతున్నాడు. ప్లేయర్ ఐడీ 48213907. మొన్న 25 మే ఆదివారం మధ్యాహ్నం నేను చేను దగ్గరున్నప్పుడు గంటలోపే ఏడుసార్లు వజ్రాల ప్యాకులు కొన్నాడు. 1,599 రూపాయలవి రెండు, 799 రూపాయలవి నాలుగు, 89 రూపాయలది ఒకటి. మొత్తం 6,483 రూపాయలు.

నా డెబిట్ కార్డు ఫోన్‌లో సేవ్ చేసి ఉంది. ఓటీపీ అదే ఫోన్‌కు వచ్చి దానంతటదే పడింది, వాడు కింద బటన్ నొక్కాడు. కొనేముందు పాస్‌వర్డ్ అడిగే సెట్టింగ్ నేను పెట్టుకోలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. నిన్న కార్డు తీసేశాను, పాస్‌వర్డ్ పెట్టాను.

కానీ ఒక్కమాట. బాబు చేసినట్టే నేనూ ఆట తెరిచి చూశాను. రోజూ ఉచితంగా ఇచ్చే పెట్టె బటన్, డబ్బుతో కొనే ప్యాక్ బటన్ ఒకే రంగులో, ఒకే చోట వస్తున్నాయి. ఉచితానికి అలవాటుపడ్డ పిల్లవాడి వేలు రెండోదాని మీదికీ అట్లనే పోతది. గట్టిగా అడిగితే ఏడ్చుకుంట "బాపూ, అవి ఆటల పైసలే అనుకున్న" అన్నాడు. నేను వాణ్ని ఇంకేమీ అనలేకపోయాను.

ఆ డబ్బు పత్తి గింజల కోసం పక్కన పెట్టుకున్నది. నిన్న వరంగల్‌లో విత్తనాల దుకాణంలో స్కాన్ చేస్తే ఖాతాలో సరిపడా లేవని వచ్చింది. అప్పుడే మెసేజ్‌లు వెతికితే సంగతి బయటపడింది. ఆ సొమ్ముకు ఏడు ప్యాకెట్లు వచ్చేవి. ఎకరానికి రెండు చొప్పున మూడున్నర ఎకరాల విత్తనం. వాన పడేలోపు గింజలు ఇంట్లో ఉండాలె.

ప్లే స్టోర్‌లో అడిగితే 48 గంటలు దాటాయి, గేమ్ కంపెనీనే సంప్రదించండి అన్నారు. అందుకే మీకు రాస్తున్నాను. కొన్న వజ్రాల్లో కొన్ని ఖర్చయ్యాయి, దాచను. మిగిలినవి ఖాతాలో అట్లనే ఉన్నాయి. వాటితోపాటు, వాటితో కట్టిన కోటలన్నీ వెనక్కి తీసుకోండి. ఖాతా మూసేసినా నాకు అభ్యంతరం లేదు. మైనర్‌కు ఒప్పందం చేసుకునే అర్హత లేదని మన కాంట్రాక్ట్ చట్టం, 1872, సెక్షన్ 11 చెబుతోంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు పోకుండా మీతోనే తేల్చుకోవాలని నా కోరిక.

ఏడు రసీదులు, బ్యాంకు మెసేజ్‌లు, బాబు పుట్టిన తేదీ సర్టిఫికెట్ జతచేశాను. 6,483 రూపాయలు డబ్బులు పోయిన ఖాతాకే వేయగలరు. ఇంకేమైనా కావాలంటే ఈ మెయిల్‌కే రాయండి. పగలు చేను దగ్గర సిగ్నల్ ఉండదు, సాయంత్రం ఆరు దాటినంక చూసి అదే రోజు జవాబిస్తాను.

ఇట్లు,
సంపత్
(బాబు తండ్రి)