పండుగ బట్టలు

చంద్రగిరి దగ్గరి పల్లెలో ఆ దర్జీ సంక్రాంతి బట్టలను భోగికి కావలసినవి, పెద్దపండుగకు కట్టేవి, కనుమకైనా సరిపోయేవి అని మూడు కుప్పలుగా వేరుచేసుకున్నాడు. రాత్రింబగళ్లు కుట్టినా భోగికి ఒప్పుకున్న రెండు పనుల్లో ఒకటే తెమిలేలా ఉంది: రెట్టింపు కూలి ఇస్తానన్న పెద్దింటామె పట్టు రవికలు, లేదా వేరుశనక్కాయలు ఒలిచిన కూలితో ఒక అవ్వ మనవరాలికి కొనిచ్చిన పావడా గుడ్డ. గట్టిగా అడగని వాళ్లనే ఆపడం ఏళ్లుగా అతని అలవాటు. వాళ్లు మాట అనరు, అంతే. ఈసారి మాత్రం, ఎవరి బీరువాలో ఇంకొక కొత్త జత ఉందో ఆలోచించాడు.

చీకటి పడకముందే రవిక గుడ్డలు, బయానా పట్టుకొని పెద్దింటికి వెళ్లాడు.

"భోగికి కాదమ్మా. కనుమకైతే ఇస్తాను. ఇప్పుడే చెబితే తిరుపతిలోనైనా కుట్టించుకుంటారని వచ్చాను."

"ఇంకెప్పుడూ నీ దగ్గరికి రాను" అంటూ ఆమె గుడ్డలు లాక్కుంది.

అతను బయానా అరుగుమీద పెట్టి, తిరిగొచ్చి, పిల్ల ఎదిగితే విప్పుకోవడానికి వీలుగా పావడా అంచు పైన రెండు మడతలు వేసి కుట్టడం మొదలుపెట్టాడు.