ఎనభై ఏడో ప్రశ్న

(అనంతపురం. పరీక్ష సెంటరు గేటు బయట టీ బండి. మధ్యాహ్నం ఒంటిగంట.)

లక్ష్మి: ఎనభై ఏడుకి ఏం పెట్టినావే?

రజియా: నాది వేరే సెట్టు. ప్రశ్న చెప్పు.

లక్ష్మి: అదే, భాష ప్రాతిపదికన ఏర్పడిన మొదటి రాష్ట్రం.

రజియా: ఓ, అదా! మూడు. ఒడిశా.

లక్ష్మి: ఒడిశానా? పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణం ఇడిచింది దేనికే మరి? రెండు పెట్టాల. ఆంధ్ర రాష్ట్రం, 1953 అక్టోబర్ 1.

రజియా: ఒకటి పెట్టలేదు కదా, ఆంధ్రప్రదేశ్ అని? అంతవరకు సంతోషం.

లక్ష్మి: అది 1956లో వచ్చింది. ఆ గుంతలో పడేదానికి నేనేమన్నా కొత్తగా రాస్తాండానా? ఇది నాలుగోసారి.

రజియా: సరే, నా మాట విను. ఒడిశాను 1936 ఏప్రిల్ 1న ఒరియా మాట్లాడేవాళ్ల కోసమనే ఏర్పాటు చేసినారు. 36 ముందా, 53 ముందా?

లక్ష్మి: అప్పుడు తెల్లోళ్ల రాజ్యం. దాన్ని రాష్ట్రం అనరు, ప్రావిన్సు అంటారు.

రజియా: తెలుగులో రెంటికీ రాష్ట్రమనే అంటాం కదమ్మా. మద్రాసు రాష్ట్రం అనలేదా మన తాతలు?

లక్ష్మి: మీ తాత సంగతి వేరేలే. రాయదుర్గంలో పుట్టి, ఇంట్లోంచి కదలకుండానే బళ్లారి జిల్లా నుంచి అనంతపురం జిల్లాకి వచ్చినాడు!

రజియా: అందుకే చెప్తాండా. 53లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనకొచ్చినాయి, బళ్లారి మైసూరుకు పోయింది. ఆ కథ వింటానే పెరిగినా. నాకు తెలీకనా ఒడిశా పెట్టింది? ప్రశ్నలో 'స్వాతంత్ర్యం తర్వాత' అన్న మాటే లేదు.

లక్ష్మి: ఉంది.

రజియా: లేదు. బుక్లెట్ తీయి.

(లక్ష్మి సంచిలోంచి బుక్లెట్ తీస్తుంది. టీ మరక పడుతుంది. ఇద్దరూ వంగి చూస్తారు.)

రజియా: చూడు. 'భాష ప్రాతిపదికన ఏర్పడిన మొదటి రాష్ట్రం ఏది?' ఎక్కడుంది స్వాతంత్ర్యం?

లక్ష్మి: పైన ఇంగ్లీషులో చదువు.

రజియా: ...ఆఫ్టర్ ఇండిపెండెన్స్.

లక్ష్మి: తెలుగులో ఎగరగొట్టినారు. నేను పాలిటీ ప్రశ్నలు ఎప్పుడూ ఇంగ్లీషులోనే చదువుతా. తెలుగు చదివితే అసలు ప్రశ్నేందో అర్థం కాదు.

రజియా: ఇదేం న్యాయమే? తెలుగు మీడియం వాళ్లు ఏ భాషలో చదవాల? అదీ తెలుగు రాష్ట్రం ప్రశ్నకి!

లక్ష్మి: మొదటి పేజీలో వేసినారుగా, తేడా ఉంటే ఇంగ్లీషే ప్రామాణికమని.

రజియా: ముందు రెండుకే పెన్ను ఆనించినా తెలుసా. చుక్క కూడా పడింది. మళ్లీ 36 గుర్తొచ్చి మూడు నింపినా.

లక్ష్మి: అయ్యో. రెండు దగ్గర చుక్కుంటే, అది రెండు జవాబులు అనుకుంటే?

రజియా: తప్పయినా, రెండు జవాబులనుకున్నా పోయేది అదే మూడో వంతు మార్కు. ప్రాథమిక కీ రానీ, అభ్యంతరం పెడతా. బుక్లెట్ పారేయొద్దు నువ్వు.

లక్ష్మి: పెట్టు. నువ్వు గెలిస్తే నా మార్కు పోతుందేమో.

రజియా: రెండూ సరైనవే అని ఇయ్యమంటాలే. ముందు తొంభై రెండు చెప్పు, వర్షాకాల సమావేశాలది.

లక్ష్మి: అది నేను వదిలేసినా. అన్నా, ఇంకో రెండు టీలు!