గ్రామీణ బ్యాంకు ఆఫీసర్ ఇంటర్వ్యూ సాధన: సెషన్ల నమోదు పుస్తకం

బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ సంస్థ ఎంపిక ప్రక్రియలో భాగమైన గ్రామీణ బ్యాంకు ఆఫీసర్ స్కేల్-1 ఇంటర్వ్యూ కోసం ఫోనులోని చాట్ ప్రోగ్రాంతో చేస్తున్న మాక్ ఇంటర్వ్యూల వివరాలను ఇందులో రాస్తున్నాను. ఇంటర్వ్యూకు 100 మార్కులు ఉంటాయి. తుది జాబితాలో మెయిన్స్‌కు 80 పాళ్లు, ఇంటర్వ్యూకు 20 పాళ్లు లెక్కలోకి వస్తాయి కాబట్టి, మెయిన్స్‌లో సరిహద్దున ఉన్న నాలాంటి వారి భవితవ్యం ఆ కొద్ది నిమిషాల సంభాషణపైనే ఆధారపడి ఉంటుంది. ప్రతి సెషన్ ముగిసిన వెంటనే మూడు సంగతులు రాయాలని నిర్ణయించుకున్నాను: ప్రోగ్రాం ఇచ్చిన అభిప్రాయం, రికార్డింగ్ విన్న తరువాత నాకు తోచినది, తరువాతి సెషన్‌లో మార్చవలసిన ఒకే ఒక్క అంశం. గ్రామీణ బ్యాంకులో మేనేజరుగా రిటైరైన చిన్నాన్న ఆదివారాల్లో ఈ పుస్తకం చదివి తన మాట చెబుతారు.

ప్రోగ్రాంకు ముందుగా ఇచ్చిన సూచనలు ఇవి. ముగ్గురు సభ్యుల బోర్డులా వ్యవహరించాలి, ఒక్కసారికి ఒక్క ప్రశ్నే అడగాలి, నా జవాబులోని మాట పట్టుకునే తరువాతి ప్రశ్న వేయాలి, మధ్యలో మెచ్చుకోకూడదు, అభిప్రాయం అంతా చివర్లోనే చెప్పాలి. నా చదువు (బాపట్లలో బీఎస్సీ అగ్రికల్చర్), సొంత జిల్లా (గుంటూరు), కుటుంబ వృత్తి (మిర్చి సాగు) కూడా ఇచ్చాను. జవాబులు టైపు చేయకుండా నోటితోనే చెబుతాను, వేరే ఫోనులో రికార్డు చేస్తాను.

డిసెంబర్ 14, ఆదివారం. స్వపరిచయం, బ్యాంకు ఎందుకు అనే ప్రశ్న

ప్రోగ్రాం అభిప్రాయం: పరిచయం స్పష్టంగా ఉంది, ఆత్మవిశ్వాసం కనిపించింది, విద్యార్హతకు ఉద్యోగానికి ఉన్న సంబంధాన్ని ఇంకా ముందుగా చెబితే బాగుంటుంది.

నాకు తోచినది: రికార్డింగ్ వింటే పరిచయమే రెండు నిమిషాలు దాటింది. పదో తరగతి మార్కుల నుంచి మొదలుపెట్టడం వల్ల బ్యాంకు అనే మాట చిట్టచివర వచ్చింది. ఆత్మవిశ్వాసం కనిపించిందన్న అభిప్రాయాన్ని నేను పరిగణించడం లేదు. ఎందుకంటే, మాటను అక్షరాల్లోకి మార్చేటప్పుడు ప్రోగ్రాం నా తడబాట్లను, "అంటే, అంటే" అని సాగదీసిన చోట్లను వదిలేసి శుభ్రమైన వాక్యాలనే చూపింది. అది చదివిన జవాబు వేరు, బోర్డు వినబోయే జవాబు వేరు. గొంతుకు సంబంధించిన ఏ తీర్పునైనా ఇక రికార్డింగ్ నుంచే తీసుకుంటాను.

తిరగరాసిన పరిచయం: "మాది గుంటూరు జిల్లాలో మిర్చి పండించే కుటుంబం. 2021లో నల్ల తామర పురుగు వచ్చి తోటలు దెబ్బతిన్నప్పుడు, పెట్టుబడి ఎక్కడి నుంచి తెచ్చారన్న దాన్నిబట్టి ఒక్కో ఇల్లు కోలుకోవడంలో ఎంత తేడా ఉందో దగ్గరి నుంచి చూశాను. బ్యాంకు అప్పు ఉన్నవారికి గడువు అడిగే వీలుంది, వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చినవారికి అది లేదు. వ్యవసాయ శాస్త్రం చదివిన నేను పంటను చూసి అప్పును అంచనా వేయగలను కాబట్టి గ్రామీణ బ్యాంకును ఎంచుకున్నాను." ఇది నిదానంగా చెప్పినా నిమిషం లోపే ముగుస్తుంది.

మార్చవలసినది: మొదటి వాక్యంలోనే అసలు సంగతి రావాలి.

డిసెంబర్ 17, బుధవారం. బ్యాంకింగ్ పరిజ్ఞానం

ప్రాధాన్య రంగ రుణాల లక్ష్యం వాణిజ్య బ్యాంకులకు 40 శాతమని, గ్రామీణ బ్యాంకులకు 75 శాతమని వెంటనే చెప్పగలిగాను. వాటా మూలధనంలో కేంద్రానికి 50, రాష్ట్రానికి 15, స్పాన్సర్ బ్యాంకుకు 35 శాతమన్నది కూడా సరిగ్గానే వచ్చింది. తొలి గ్రామీణ బ్యాంకు 1975 అక్టోబర్ 2న మొరాదాబాద్‌లో మొదలైన ప్రథమ బ్యాంకు అని చెప్పి, వాటి స్థాపనను సిఫారసు చేసిన కమిటీకి ఎం. నరసింహం నాయకత్వం వహించిన విషయాన్ని జోడించాను.

ప్రోగ్రాం అభిప్రాయం: విషయ పరిజ్ఞానం చాలా బాగుంది, అన్ని జవాబులూ సరైనవే.

నాకు తోచినది: ఈ అభిప్రాయంలో రెండు లోపాలు ఉన్నాయి. మొదటిది, ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ బ్యాంకుల ప్రస్తావన వచ్చినప్పుడు ప్రోగ్రాం పాత పేర్లన్నీ వేర్వేరు బ్యాంకులుగా ఇప్పటికీ ఉన్నట్లే మాట్లాడింది. నిజానికి 2025 మే 1 నుంచి చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి బ్యాంకులు, గ్రామీణ వికాస్ బ్యాంకుకు రాష్ట్రంలో మిగిలిన శాఖలు కలిసి, యూనియన్ బ్యాంకు స్పాన్సర్‌గా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు ఏర్పడింది. ఏ బ్యాంకులో పనిచేయాలనుకుంటున్నానో ఆ బ్యాంకు పేరే పాతది చెబితే బోర్డు ముందు అంతకు మించిన నష్టం ఉండదు.

రెండో లోపాన్ని చిన్నాన్న పట్టుకున్నారు. మొండి బకాయి ఎప్పుడవుతుందన్న ప్రశ్నకు 90 రోజులు అన్న నా జవాబును ప్రోగ్రాం అలాగే ఒప్పుకుంది. పుస్తకంలో ఆ వరుస దగ్గర ఆయన గీత గీసి, "పంట రుణానికి రోజుల లెక్క కాదమ్మా, పంట కాలాల లెక్క. మా దగ్గర అప్పులన్నీ దాదాపు అవే కదా!" అన్నారు. స్వల్పకాలిక పంటలకు రెండు పంట కాలాలు, ఏడాదికి మించిన దీర్ఘకాలిక పంటలకు ఒక పంట కాలం వాయిదా దాటితే మొండి బకాయి అవుతుంది. వ్యవసాయ పట్టభద్రురాలిని బోర్డు తప్పక అడిగే ప్రశ్న ఇది.

మార్చవలసినది: ప్రోగ్రాం చెప్పిన ప్రతి అంకె పక్కన ప్రశ్నార్థకం ఉంచి, రిజర్వు బ్యాంకు లేదా నాబార్డు పత్రంలో చూసిన తరువాతనే దాన్ని కొట్టివేయాలి. నా జవాబును అది ఒప్పుకున్నంత మాత్రాన ధ్రువీకరణగా తీసుకోకూడదు.

డిసెంబర్ 21, ఆదివారం. సందర్భ ప్రశ్న: కౌలు రైతు

ఇప్పటివరకు జరిగిన వాటిలో ఎక్కువ ఉపయోగపడిన సెషన్ ఇదే. నేను బ్రాంచిలో కొత్తగా చేరిన ఆఫీసరుననీ, పట్టాదారు పాస్‌బుక్ లేని కౌలు రైతు మిర్చికి పెట్టుబడి కావాలని వచ్చాడనీ, భూ యజమాని సంతకం పెట్టడానికి ఇష్టపడటం లేదనీ ప్రోగ్రాం పరిస్థితిని వివరించింది. నా మొదటి జవాబు సానుభూతితో నిండి ఉంది కానీ అందులో ఒక్క పనీ లేదు. ప్రోగ్రాం ఆ మాటనే మర్యాదగా చెప్పింది: రైతు కౌంటరు దగ్గర నుంచి వెళ్లేటప్పుడు అతని చేతిలో ఏముంటుందో జవాబులో కనబడలేదని. ఈ వ్యాఖ్య సరైనది. ఈ పుస్తకంలో నేను రెండుసార్లు గీత గీసుకున్న వ్యాఖ్య ఇదొక్కటే.

అదే రోజు సాయంత్రం చెప్పిన రెండో జవాబు: "మొదట 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు ఉందేమో అడుగుతాను. ఆ ఒప్పందం పదకొండు నెలలకే పరిమితమని, దానివల్ల భూమిపై హక్కు రాదని యజమానికి వివరించడానికి ప్రయత్నిస్తాను, చాలామంది భయం అక్కడే ఉంటుంది. అయినా ఒప్పుకోకపోతే, అదే ఊళ్లో నలుగురి నుంచి పదిమంది వరకు కౌలుదారులతో ఉమ్మడి బాధ్యత బృందం ఏర్పాటు చేసే అవకాశం చూస్తాను. వ్యవసాయ రుణాలకు 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల వరకు తాకట్టు అక్కరలేదు కాబట్టి ఆస్తి లేదన్న కారణంతో వెనక్కు పంపను. అయితే పొలం చూడకుండా, అదే భూమిపై యజమాని ఇప్పటికే పంట రుణం తీసుకున్నాడేమో తెలుసుకోకుండా మంజూరుకు సిఫారసు చేయను."

చిన్నాన్న అభిప్రాయం: చివరి వాక్యమే జవాబుకు బలం. అప్పు ఇవ్వాలన్న ఉత్సాహం, ప్రజల డిపాజిట్లకు జవాబుదారీ రెండూ ఉన్న మనిషి కోసమే బోర్డు చూస్తుంది. కోతల తరువాత ధర లేక కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు ఉంచిన రైతు గురించి కూడా అడుగుతారని, గిడ్డంగి రసీదుపై ఇచ్చే అప్పు గురించి చదువుకోమని చెప్పారు.

మార్చవలసినది: సందర్భ ప్రశ్నలన్నిటిలోనూ అడగవలసినది, చేయవలసినది, చేయకూడనిది మూడూ ఉండాలి.

డిసెంబర్ 24, బుధవారం

గిడ్డంగి రసీదులు, స్వయం సహాయక సంఘాలకు 1992లో నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానం. జవాబులు పరవాలేదు. కొత్తగా రాయదగినది లేదు.

డిసెంబర్ 28, ఆదివారం. మార్కుల సంగతి

ప్రతి జవాబుకు పదికి మార్కులు వేయమని ప్రోగ్రాంను అడుగుతూ వచ్చాను. అవి వారం వారం పెరుగుతున్నాయి. అవి నిజంగా నా మెరుగుదలను చూపుతున్నాయా అని పరీక్షించడానికి, తొలిరోజు చెప్పిన పాత పరిచయాన్నే కొత్త చాట్‌లో పెట్టాను. అప్పట్లో 6 వచ్చిన జవాబుకు ఈసారి 8 వచ్చింది. జవాబులో ఒక్క అక్షరం మారలేదు, మార్కు మారింది. ఆ అంకెలను గ్రాఫు గీసి సంతోషపడటం వల్ల ప్రయోజనం లేదు.

అందువల్ల ఈ రోజు నుంచి మార్కులు అడగడం మానేసి, రికార్డింగ్ విని నేనే లెక్కించగలిగిన వాటిని నమోదు చేస్తున్నాను: మొదటి వాక్యంలో జవాబు వచ్చిందా, నిమిషం దాటిందా, చెప్పిన అంకె మూలంతో సరిపోయిందా, ఊతపదాలు ఎన్ని, పుస్తకం నుంచి కాక పొలం నుంచో బ్రాంచి నుంచో ఒక ఉదాహరణ వచ్చిందా. చిన్నాన్న ఇంకొక షరతు చేర్చారు. తెలిసిన ప్రశ్నకే మళ్లీ జవాబు చెబితే కంఠస్థమే మెరుగుదలలా కనిపిస్తుంది కాబట్టి, ప్రతి సెషన్‌లో కనీసం మూడో వంతు ప్రశ్నలు ఎన్నడూ రానివై ఉండాలి, లెక్క వాటి మీదే తీయాలి.

జనవరి 1, గురువారం. ఒత్తిడి ప్రశ్నలు

కఠినంగా మాట్లాడమని, నా జవాబును మధ్యలో తుంచమని ప్రోగ్రాంకు సూచించాను. ప్రశ్నలు కఠినంగానే వచ్చాయి: వ్యవసాయ పట్టభద్రులకు బ్యాంకు ఎందుకు, రెండేళ్లలో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోరా, బదిలీ మారుమూల మండలానికైతే ఏం చేస్తారు? అయినా నేను మాట ముగించేదాకా అది ఆగింది. ఒత్తిడి అనేది ఎదుటి మనిషి కళ్లలో, మధ్యలో అడ్డుపడే గొంతులో ఉంటుంది, అక్షరాల్లో అంతగా ఉండదు.

అందుకని రాత్రి చిన్నాన్న, పిన్ని, ఎదురింటి టీచరుగారు ముగ్గురూ బల్లకు అటువైపు కూర్చున్నారు. ప్రోగ్రాం తయారుచేసిన ప్రశ్నలనే వాళ్లు అడిగారు. తెలియని ప్రశ్న వచ్చినప్పుడు కాగితం మీద బాగా కనిపించిన నా జవాబు, మనుషుల ముందు ఆగకుండా సాగుతూ పోయింది. పిన్ని మధ్యలో ఆపి, "తెలియకపోతే తెలియదని చెప్పు తల్లీ, వినేవాళ్లకు ఊపిరాడటం లేదు" అన్నారు. "ఈ విషయం నాకు తెలియదు సర్, తెలుసుకుంటాను" అని చెప్పి ఆగడం సాధన చేశాను. ఆగిన తరువాతి నిశ్శబ్దాన్ని భరించడం మాటకంటే కష్టంగా ఉంది.

జనవరి 4, ఆదివారం. ఇప్పటి స్థితి

కొత్త ప్రశ్నల మీద తీసిన లెక్క: మొదటి వాక్యంలో జవాబు రావడం స్థిరపడింది, నిమిషం దాటడం అరుదైంది. అంకెల్లో మూలంతో సరిపోనివి ఈ వారం రాలేదు. ఊతపదాలు ఇంగ్లిషు జవాబుల్లో తగ్గాయి, తెలుగులో తగ్గలేదు. ఇంట్లో మాట్లాడే వేగమే అక్కడికీ వస్తోంది. రైతుతో తెలుగులో ఎలా మాట్లాడతారో చూపించమని బోర్డు అడిగే వీలుంది కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసుకోవడం లేదు.

బుధవారం సెషన్ పూర్తిగా తెలుగులోనే ఉంటుంది. పంట రుణం పునరుద్ధరణ, బీమా ప్రీమియం, సంఘం రికార్డుల పరిశీలన అనే మూడు సందర్భాలను ప్రోగ్రాంకు ఇస్తాను. జవాబులను చిన్నాన్నే వింటారు. గురువారం కొత్త విషయం ఏదీ చదవను. కాల్ లెటరు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఫొటోలు సర్దుకుని, డిసెంబర్ 17 నాటి పుటను ఒక్కసారి తిరగేసి చూసుకుంటాను.