ఒక్కరే నడిపే వ్యాపారం: వారానికి ఎన్ని పోస్టులు పెట్టాలి?

సోషల్ మీడియాలో రోజుకో పోస్ట్ పెట్టకపోతే ఆల్గరిథమ్ పక్కన పడేస్తుందని ఒక మాట బాగా తిరుగుతోంది. నలుగురైదుగురు టీమ్ ఉన్నవాళ్లకు దాంతో పెద్దగా పోయేదేమీ లేదు. సరుకు తయారీ, ప్యాకింగ్, లెక్కలు, కస్టమర్ల మెసేజ్‌లు అన్నీ ఒక్క మనిషి మీదే ఉన్నచోట మాత్రం ఆ మాట పట్టుకుంటే జరిగేది దాదాపు ఒకటే. రెండు వారాలు హడావిడి, తర్వాత నెలంతా ఏమీ ఉండదు, ఆపైన పేజీ తెరవాలంటేనే టెన్షన్.

ఇన్‌స్టాగ్రామ్‌నే తీసుకుందాం. 2016 నుంచి అక్కడ ఫీడ్ కేవలం సమయం వరుసలో రావడం లేదు. ఎవరికి ఏది చూపించాలో ఒక అంచనా వేసి పేర్చుతారు. ఫీడ్, స్టోరీస్, రీల్స్, ఎక్స్‌ప్లోర్ దేని లెక్క దానిదేనని ఆ సంస్థ అధిపతి ఆడమ్ మోసెరి 2021లో వివరించారు. ఎంతసేపు చూశారు, లైక్ కొట్టారా, ఇంకొకరికి పంపారా అన్నవి రీచ్‌కు, అంటే పోస్ట్ ఎంతమందికి చేరుతుందన్నదానికి, ముఖ్యమని తర్వాత కూడా చెప్పారు. వీటన్నిటిలో లెక్కకు వచ్చేది ఆ ఒక్క పోస్టూ, దాన్ని చూసే ఆ ఒక్క మనిషీ. రోజూ వచ్చారా లేదా అని టిక్కు పెట్టుకునే హాజరు పట్టీ కాదది.

మరి క్రమం తప్పకుండా పెట్టడం వల్ల లాభం లేదా? ఉంది, కానీ అది వచ్చే దారి వేరు. ఒక ఫాలోవర్ ఈమధ్య మీ పోస్టులు చూసి, కామెంట్ పెట్టి, మెసేజ్ చేసి ఉంటే మీ తర్వాతి పోస్ట్ వాళ్లకు కనిపించే అవకాశం పెరుగుతుంది. నెలరోజులు మీ దగ్గర చూడ్డానికే ఏమీ లేకపోతే ఆ పరిచయం చల్లబడుతుంది. తిరిగి వచ్చాక మొదటి రెండు మూడు పోస్టులు నీరసంగా నడిస్తే దాన్ని శిక్ష అనుకోనక్కర్లేదు, చాలాసార్లు కారణం ఇదే. ఇంకో లాభం మీకే. ఏ ఫొటోకి జనం ఆగుతున్నారు, ఏ మొదటి వాక్యానికి దాటిపోతున్నారు అన్నది వరుసగా కొన్ని పెడితే తప్ప తెలియదు.

ఎక్కువ పెట్టేవాళ్లకు ఎక్కువ రీచ్ కనిపించడంలో రెండు మెలికలున్నాయి. మొదటిది, వారానికి 5 పోస్టులు పెట్టి ఒక్కోటీ 400 మందికి చేరితే మొత్తం 2,000 మంది అనుకుంటాం. అందులో చాలామంది రెండుమూడు పోస్టులు చూసినవాళ్లే, విడిగా లెక్కేస్తే 900 మందే ఉండొచ్చు. రెండోది, బాగా నడుస్తున్న ఖాతాలు ఉత్సాహంతో ఎక్కువ పెడతాయి. ఎక్కువ పెట్టడం వల్ల నడుస్తున్నాయా, నడుస్తున్నందుకు ఎక్కువ పెడుతున్నాయా అన్నది బయట నుంచి చూసి తేల్చలేం.

నా లెక్కలో వారానికి 3 పోస్టులు చాలు. వారానికి ఒకటి నుంచి మూడుకు వెళ్తే తేడా బాగానే తెలుస్తుంది. మూడు నుంచి ఏడుకు వెళ్లాలంటే పని రెట్టింపు దాటుతుంది, అమ్మకం మాత్రం అలా పెరగదు. పైగా ఆ అదనపు నాలుగూ సాధారణంగా తోచక పెట్టినవే అయి ఉంటాయి. మీ పనుల్లో అన్నిటికంటే కష్టమైన వారం ఒకటి గుర్తు తెచ్చుకోండి. ఆ వారంలో కూడా ఎన్ని పెట్టగలిగేవారో అదే మీ అసలు సంఖ్య.

ఉదాహరణకి చేత్తో నోట్‌బుక్కులు కుట్టి అమ్మే వ్యక్తి అనుకుందాం. ఒక్కరే మనిషి, ఒకటే ఖాతా, మంగళ, శుక్రవారాలు పార్సెళ్లు పంపే రోజులు. సోషల్ మీడియాకి వారంలో సుమారు 4 గంటలు ఇవ్వగలరు.

సోమవారం 20 నిమిషాలు. పోయిన వారం అంకెలు ఒకసారి చూసి, వచ్చే వారానికి మూడు విషయాలు రాసుకోవడం. విషయాల కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, ఇన్‌బాక్స్ తెరిస్తే చాలు. ‘ఇంకు పెన్నుతో రాస్తే వెనక్కి దిగుతుందా’ అని ఇద్దరు అడిగారంటే అదే ఒక పోస్ట్.

మంగళవారం విడిగా షూటింగ్ లేదు. పని చేసుకుంటూనే ఫోన్‌ని స్టాండ్‌కి పెట్టి కుట్టడం, కాగితం మడవడం, అట్ట అంటించడం రికార్డు చేస్తారు. ఫొటోలకు పగటి వెలుతురులో అరగంట. పోయిన వారమే షెడ్యూల్ చేసిన రీల్ ఆ సాయంత్రం బయటికి వెళ్తుంది.

బుధవారం అసలు పని, గంటన్నర. ఒక రీల్ ఎడిటింగ్, పక్కకి జరిపి చూసే స్లైడ్ల క్యారసెల్ ఒకటి, ఒక ఫొటో పోస్ట్, మూడింటికీ క్యాప్షన్లు. అన్నీ వచ్చే వారానికే. ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లోనే ప్రొఫెషనల్ ఖాతాకి షెడ్యూల్ చేసుకునే సౌకర్యం ఉంది, వేరే టూల్ కొనక్కర్లేదు.

గురువారం క్యారసెల్ వెళ్తుంది. కస్టమర్ల ప్రశ్నకి జవాబు ఇచ్చే పోస్ట్ ఇదే, ఇంకొకరికి పంపడానికీ దాచుకోవడానికీ వీలైనది. మొదటి స్లైడ్ మీద ఆగకపోయినా రెండో స్లైడ్‌తో మళ్లీ కనిపించే అవకాశం ఉంది కాబట్టి రెండోదీ విడిగా అర్థమయ్యేలా ఉండాలి.

శుక్రవారం ప్యాకింగ్ చేస్తూ రెండు మూడు స్టోరీలు. 24 గంటల్లో పోయేవి కాబట్టి అందంగా రావాలన్న పట్టుదల వద్దు. శనివారం ఫొటో పోస్ట్: ఏవి సిద్ధంగా ఉన్నాయి, ఎలా ఆర్డర్ చేయాలి. అమ్మకం సంగతి అడగడానికి మొహమాటపడి ఈ పోస్టునే చాలామంది మానేస్తారు, అది నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఆదివారం ఏమీ లేదు.

పోస్ట్ వెళ్లిన రోజుల్లో కామెంట్లకూ మెసేజ్‌లకూ ఓ పావుగంట, మిగతా రోజుల్లో ఇంకొంచెం తక్కువ. టైం లేనప్పుడు కొత్త పోస్ట్ వదులుకోండి గానీ వచ్చిన మెసేజ్‌కి జవాబు మాత్రం మానకండి. ఆర్డర్ ఇవ్వబోయే మనిషి ఉండేది అక్కడే.

రెండు పోస్టులు ఎప్పుడూ నిల్వ ఉంచుకోవాలి, అవి ఏ వారమైనా చెల్లేవిగా ఉండాలి. జ్వరమొచ్చినా, ఒకేసారి పెద్ద ఆర్డర్ వచ్చినా ముందు రీల్ ఆపండి, తర్వాత స్టోరీలు. గురువారం పోస్ట్ ఒక్కటి నిలబడితే ఆ వారం గడిచినట్టే.

ఇదే వరుస 8 వారాలు మార్చకుండా నడిపి అప్పుడు చూడండి. సగటు చూడొద్దు, మధ్య విలువ చూడండి. అయిదు పోస్టుల రీచ్ 310, 280, 350, 2,900, 330 అనుకుంటే సగటు 834 వస్తుంది, నిజానికి ఏదీ దాని దరిదాపుల్లో లేదు. వరుసలో పెడితే మధ్యలో నిలిచేది 330, మీ అసలు స్థాయి అది. యాప్‌లో ఈ అంకెలు చూపించే ఇన్‌సైట్స్‌లో ఫాలోవర్లు కానివాళ్లకు ఎంత చేరిందో కూడా ఉంటుంది, దాన్ని విడిగా రాసుకోండి. పక్కనే ఇంకో గడిలో ఆ వారం వచ్చిన ఆర్డర్ మెసేజ్‌లు. రీచ్ పెరుగుతూ మెసేజ్‌లు కదలకపోతే పోస్టుల సంఖ్య పెంచి లాభం లేదు, శనివారం పోస్టునీ ప్రొఫైల్‌లో ఆర్డర్ లింక్‌నీ సరిచూసుకోవాలి. రెండూ పెరుగుతుంటే, పోస్ట్ నిల్వ కూడా ఎప్పుడూ ఖాళీ కాకుండా ఉంటుంటే, అప్పుడు నాలుగో పోస్ట్ ఆదివారానికి కాకుండా సోమవారానికి పెట్టి ఇంకో 8 వారాలు చూడొచ్చు.